గొలుసు స్కీములో చేరమని పిలుపు వస్తే: డబ్బు కట్టే ముందు ప్లాన్‌ను లెక్క కట్టి చూడటం ఎలా

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఈ పిలుపు ఎప్పుడూ తెలియనివాళ్ల నుంచి రాదు. బావమరిదో, పిన్ని కొడుకో, డిగ్రీలో కలిసి చదివిన స్నేహితుడో ఫోన్ చేస్తాడు. "అన్నా, ఆదివారం ఖాళీగా ఉన్నావా? ఒక మంచి ఆపర్చునిటీ ఉంది. ఫోన్‌లో చెప్తే అర్థం కాదు, వచ్చి చూడు" అంటాడు. వెళ్తే అది హోటల్ పైఅంతస్తులో హాలు, లేకపోతే ఎవరి ఇంట్లోనో తెల్లబోర్డు పెట్టిన గది. రెండు గంటల తర్వాత పదో పన్నెండో వేలు కట్టమంటారు.

డైరెక్ట్ సెల్లింగ్ అంతా మోసం కాదు. ఇంటికి వచ్చి వంటసామాను, సబ్బులు, క్రీములు అమ్మి న్యాయంగా సంపాదించేవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు. చిక్కేమిటంటే గొలుసు స్కీములవాళ్లూ అదే పేరు పెట్టుకుంటారు, అదే సబ్బు చేతిలో పట్టుకుంటారు. పేరును బట్టి, సరుకును బట్టి, బ్రోచర్‌ను బట్టి తేడా తెలియదు. పైవాడికి అందే రూపాయి ఎవరి జేబులోంచి వస్తోందో చూస్తేనే తెలుస్తుంది. సరుకు వాడుకునే కస్టమర్ నుంచి వస్తోందా, కొత్తగా చేరినవాడు కట్టిన డబ్బులోంచి వస్తోందా? కింద చెప్పే పనులన్నీ ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాబట్టడానికే.

1. మీటింగ్‌కు వెళ్లే ముందు ఫోన్‌లోనే మూడు అడగండి

కంపెనీ పేరేంటి? ఏం అమ్ముతుంది? నేనెంత కట్టాలి? అమ్మకమే పనిగా ఉన్నవాడికి ఈ మూడూ చెప్పడానికి అర నిమిషం పట్టదు, పైగా సంతోషంగా చెప్తాడు. గొలుసు స్కీములో మాత్రం ఫోన్‌లో పేరు చెప్పొద్దనీ, ప్లాన్ వివరించొద్దనీ, మనిషిని హాలుకు రప్పించడం వరకే మీ పని అనీ ముందే నేర్పి పంపుతారు. అందుకే "వచ్చాక చెప్తా", "మా సార్ చెప్తారు", "ఇది ఎంఎల్ఎం కాదులే" అనే జవాబులు వస్తాయి. చదువు అయిపోయి ఉద్యోగం వెతుక్కునేవాళ్లకైతే ఇంకో రకం: "ఆఫీస్ జాబ్, ఇంటర్వ్యూ ఉంది, సర్టిఫికెట్లు తెచ్చుకో" అని హైదరాబాద్‌కో బెంగళూరుకో పిలుస్తారు. జీతమిచ్చే ఉద్యోగానికి మన దగ్గరే డబ్బు ఎందుకు అడుగుతారో అక్కడికి వెళ్లాక ఆలోచించడం కష్టం. బస్సెక్కక ముందే ఆలోచించాలి.

వెళ్లక తప్పకపోతే ఒక్క జాగ్రత్త చాలు. ఆ రోజు ఏమీ కట్టనని ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. హాల్లో చప్పట్లు కొడుతూ ఉంటారు, పక్కన కూర్చున్న మన బంధువు ముఖంలోకి చూస్తూ ఉంటాడు. అప్పుడు సొంతంగా "వద్దు" అనడం కంటే "ఇంట్లో మాటిచ్చాను" అనడం తేలిక.

2. హాల్లో సరుకు గురించి ఎంతసేపు మాట్లాడారో చూడండి

గడియారం చూసుకోండి. రెండు గంటల మీటింగ్‌లో సరుకు ధర, నాణ్యత, ఎవరు కొంటారన్న సంగతి పది నిమిషాలు నడిచి, మిగతా సమయమంతా కార్లు, విదేశీ టూర్లు, పెద్ద చెక్కు పట్టుకున్న ఫొటోలు, "ఉద్యోగం చేస్తే ముసలితనం దాకా గొడ్డు చాకిరే" అన్న ఉపన్యాసాలతో నిండితే అక్కడ అసలు అమ్ముతున్నది సభ్యత్వమే.

ఆ తర్వాత మూడు పనులు చేయిస్తారు. మొదట మీ కలలు కాగితం మీద రాయమంటారు. తర్వాత మీకు తెలిసిన వంద మంది పేర్లు రాయమంటారు. చివరికి "ఈ రాత్రి పన్నెండులోపు ఐడీ వేసుకుంటే మీకు మంచి పొజిషన్ వస్తుంది, రేపటికి వేరేవాళ్లు కూర్చుంటారు" అని తొందరపెడతారు. ఐడీ వేసుకోవడమంటే డబ్బు కట్టి సభ్యుడిగా చేరడమే. డబ్బు లేదంటే దారి వాళ్లే చూపిస్తారు: ఇంట్లో బంగారం తాకట్టు పెట్టడం, చీటీ పాడటం, డ్వాక్రా లోను, శెనక్కాయలు అమ్మిన డబ్బు. "ఇంట్లో ఇప్పుడే చెప్పొద్దు, మొదటి చెక్కు వచ్చాక సర్‌ప్రైజ్ ఇవ్వు" అన్న మాట గనక వినపడితే కుర్చీలోంచి లేవడానికి అదే సరైన సమయం. ఇంట్లో చెప్తే లెక్క అడిగేవాళ్లు ఉంటారని వాళ్లకు తెలుసు.

3. ప్లాన్ కాగితం ఇంటికి తెచ్చుకుని లెక్క కట్టండి

అసలు పని ఇదే. ప్లాన్ కాగితం ఇవ్వరు, బోర్డు మీద గీసి చెరిపేస్తారు. మీరు రాసుకోండి. మన జిల్లాల్లో ఎక్కువగా చూపించేది బైనరీ ప్లాన్. మీ కింద ఎడమ లెగ్, కుడి లెగ్ అని రెండు వరుసలు ఉంటాయి. రెండింటిలోనూ ఒక్కొక్కరు చేరితే ఒక పెయిర్. పెయిర్‌కు ఇంత అని డబ్బు.

ఒక ప్లాన్ తీసుకుందాం. అంకెలు లెక్క కోసం పెట్టినవే, నిజం ప్లాన్లలోనూ అమరిక ఇలాగే ఉంటుంది. చేరడానికి 12,000 రూపాయలు. దానికి ఒక సూటు గుడ్డ, ఒక డబ్బా ప్రొటీన్ పొడి, ఒక ఆన్‌లైన్ ఇంగ్లీష్ కోర్సు ఇస్తారు. పెయిర్‌కు 1,000 రూపాయలు.

బోర్డు దగ్గర నిలబడినాయన ఇలా చెప్తాడు: "మీరు చేయాల్సింది ఇద్దరిని చేర్చడమే. ఆ ఇద్దరూ చెరో ఇద్దరిని చేరుస్తారు. నెలకు ఒక్క వరుస నిండినా పది నెలలకు మీ కింద 2,046 మంది. ఎడమ పక్క 1,023, కుడి పక్క 1,023. అంటే 1,023 పెయిర్లు. పది లక్షల ఇరవై మూడు వేలు!" లెక్క తప్పు కాదు, కూడికలు సరిగ్గానే ఉన్నాయి. అందుకే బీకాం చదివినవాళ్లు కూడా పడిపోతారు. ఆయన చూపించిన బొమ్మనే తీసుకుని, పై నుంచి కాకుండా కింది నుంచి చదవండి.

మీతో కలిపి ఆ చెట్టులో 2,047 మంది ఉన్నారు. అందరూ తలా 12,000 కట్టారు. అట్టడుగు వరుసలో ఉన్నది 1,024 మంది. వాళ్ల కింద ఎవరూ లేరు, కాబట్టి ఒక్క రూపాయి రాలేదు. అంటే చేరినవాళ్లలో సగం మందికి సున్నా. వాళ్లపై వరుసలో 512 మందికి తలా ఒక పెయిర్, 1,000 రూపాయలు. ఆపై 256 మందికి మూడు పెయిర్లు, 3,000. ఆపై 128 మందికి ఏడు పెయిర్లు, 7,000. ఈ నాలుగు వరుసల్లో ఎవరికీ కట్టిన 12,000 తిరిగి రాలేదు. కూడితే 1,920 మంది. పెట్టిన డబ్బు దాటినవాళ్లు పై ఏడు వరుసల్లో ఉన్న 127 మంది మాత్రమే, అందులోనూ కింది 64 మందికి వచ్చింది 15,000, అంటే మూడు వేలు లాభం. వందకు సుమారు 94 మంది నష్టపోతే తప్ప ఆ ఆరుగురికి లాభం రాదు.

"మరి కింది వరుసవాళ్లు కూడా రేపు ఇద్దరిద్దర్ని చేరుస్తారు కదా?" అని తప్పకుండా అడుగుతారు. చేర్చనివ్వండి. అప్పుడు 2,048 మందితో కొత్త అట్టడుగు వరుస పుడుతుంది, మళ్లీ చేరినవాళ్లలో సగం మంది అక్కడే ఉంటారు. చెట్టు ఎంత పెరిగినా కింది సగం కిందే ఉంటుంది, నాలుగు వరుసల లెక్క మారదు. ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు కూడా. 18వ వరుస నిండేసరికి మీ కింద ఉండాల్సినవాళ్లు 5,24,286 మంది. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు నగరం మొత్తం ఐదు లక్షల లోపే, చంటిపిల్లలతో సహా.

ఇది కూడా ప్రతి ఒక్కరూ సరిగ్గా ఇద్దర్ని చేర్చిన ఆదర్శ లెక్క. నిజంగా జరిగేది దీనికంటే చెడ్డది. మీ పైవాడు తన మనుషుల్ని మీ ఎడమ లెగ్‌లో వేస్తాడు. దాన్నే స్పిల్ ఓవర్ అంటారు, "మీ అదృష్టం, ఏమీ చేయకుండానే ఎడమ పక్క నలభై మంది వచ్చేశారు" అని ఊరిస్తారు. కుడి లెగ్ మాత్రం మీరే నింపుకోవాలి. అక్కడ ముగ్గురే ఉంటే మీకు వచ్చేది మూడు పెయిర్లు, 3,000 రూపాయలే. మిగిలిన 37 మంది మీ ఐడీలో అంకెలుగా కనిపిస్తూ ఉంటారు, డబ్బుగా మారరు. కొన్ని ప్లాన్లలో నెలాఖరు క్లోజింగ్‌కు జత కుదరనివి చెరిగిపోతాయి కూడా. రోజుకు ఇన్ని పెయిర్లకు మించి ఇవ్వమనే క్యాపింగ్, ఆపై అడ్మిన్ ఛార్జీ అని ఒక కోత ఉందేమో అడగండి. బోర్డు మీద ఆ రెండూ రాయరు.

ఇంకో కోత నెలనెలా ఉంటుంది. "ఐడీ యాక్టివ్‌గా ఉండాలంటే నెలకు 1,500 రీపర్చేజ్ చేయాలి" అంటారు. ఏడాదికి 18,000. మొదట కట్టిన 12,000 కంటే ఇదే ఎక్కువ, అయినా ఎవరూ దీన్ని ఖర్చుగా రాసుకోరు. "ఇంట్లోకి సరుకే కదా" అనుకుంటారు.

4. సరుకును బజారులో పెట్టి చూడండి

ఆ 12,000కు ఇచ్చిన వస్తువుల్ని కంపెనీ పేరు మర్చిపోయి ధర కట్టండి. ఆ మీటర్ల సూటు గుడ్డ ఊళ్లో బట్టల అంగట్లో ఎంత? అదే బరువు ప్రొటీన్ పొడి మెడికల్ షాపులో ఎంత? ఆన్‌లైన్ కోర్సు యూట్యూబ్‌లో ఉచితంగా దొరికేదేనా? అన్నీ కలిపి మూడు వేలు తేలితే, మిగిలిన తొమ్మిది వేలు సరుకు ధర కాదు, ప్రవేశ రుసుము. పై లెక్కలో ఈ 3,000 కలిపి చూసినా ఏడు పెయిర్లు వచ్చిన 128 మంది కూడా 10,000 దగ్గరే ఆగిపోతారు. 12,000 దాటరు.

ఇక్కడ ఒక మంచి పరీక్ష ఉంది. ప్లాన్‌తో పని లేని మనిషి, అంటే ఐడీ వేసుకోని మీ పక్కింటావిడ, ఈ ధరకు ఈ వస్తువు కొంటుందా? మిమ్మల్ని తీసుకెళ్లినాయన్నే అడగండి: "బావా, పోయిన నెల ఐడీ లేనివాళ్లకు ఎంత సరుకు అమ్మావు? బిల్లులు చూపించు." అమ్మకం మీద బతికేవాడి దగ్గర బిల్లు బుక్కు ఉంటుంది. గొలుసు మీద బతికేవాడు నవ్వి, "మనకు అమ్మే పనే లేదు, అదే దీని గొప్పతనం" అంటాడు. ఆ మాటతో మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

5. నిజంగా అమ్మేవాళ్ల లెక్కతో పోల్చుకోండి

కడపలో ఒకావిడ ఒక కంపెనీ సబ్బులు, గిన్నెల లిక్విడ్, షాంపూలు పాతిక ఇళ్లకు ఇస్తోందనుకుందాం. ఎంఆర్‌పీ వంద రూపాయల వస్తువు ఆవిడకు ఎనభైకి వస్తుంది. నెలకు ఎంఆర్‌పీ మీద 12,000 రూపాయల సరుకు అమ్మితే ఆవిడ కొన్న ధర 9,600, మార్జిన్ 2,400. ఆటోలకు, పెట్రోలుకు 400 పోయింది. అప్పు పెట్టి వసూలు కానిది 300. చేతిలో మిగిలింది 1,700.

ఈ 1,700 ఏ హోటల్ హాల్లోనూ స్క్రీన్ మీద కనిపించదు. వాళ్లు చెప్పే లక్షలకు, ఈ అంకెకు పోలికే లేదు. నిజమైన డైరెక్ట్ సెల్లింగ్‌లో చాలామంది సంపాదన ఇలాగే ఉంటుంది: చిన్నది, మెల్లగా పెరిగేది, ఎండలో తిరిగితేనే వచ్చేది. అయితే ఈ డబ్బుకు రెండు గుణాలున్నాయి. ఆవిడ కింద ఎవరూ చేరకపోయినా వచ్చే నెల కూడా వస్తుంది. ఆవిడ లాభపడటానికి ఇంకొకరు నష్టపోనక్కర్లేదు, పాతిక ఇళ్లవాళ్లకు సరుకు అందింది. కొనేవాళ్లు వద్దంటే ఆ ఇల్లు వదిలేసి ఇంకో ఇంటికి వెళ్తుంది, "నీకు విజన్ లేదు" అని ఎవర్నీ తిట్టదు.

చట్టబద్ధమైన కంపెనీలో కూడా మీరు పరిచయం చేసినవాళ్ల అమ్మకం మీద కొంత కమీషన్ ఉండొచ్చు. అది అమ్మిన సరుకు మీద రావాలి, మనిషిని చేర్చినందుకు రాకూడదు. అలాంటి కంపెనీల్లోనూ పైవాళ్లు ర్యాంకు నిలబెట్టుకోవడానికి "ఈ నెల పదివేల స్టాక్ నువ్వే ఎత్తుకో" అని ఒత్తిడి పెట్టే సందర్భాలు ఉంటాయి. కంపెనీ పేరు పెద్దదైనంత మాత్రాన అటక మీద పెట్టెలు పేర్చుకోవాల్సిన పని లేదు. అమ్మిన తర్వాతే తెచ్చుకోండి.

6. చట్టం ఏమంటుందో తెలుసుకుని కాగితాలు అడగండి

రెండు చట్టాలు చాలు. ఒకటి 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం. మనుషుల్ని చేర్చడం మీద తేలిక డబ్బు ఆశపెట్టే స్కీమును నడపడమే కాదు, అందులోకి ఇంకొకరిని చేర్చడం కూడా దీని కింద నేరం. మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. ఈ చట్టం మన ప్రాంతానికి కొత్తది కాదు. 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీ ఆమ్వే స్కీము ఈ నిర్వచనం కిందికి వస్తుందని తీర్పు చెప్పింది. 2014 మేలో ఆ కంపెనీ భారత సీఈఓను గుర్గావ్‌లో అరెస్టు చేసి తీసుకొచ్చింది కర్నూలు పోలీసులే. కంపెనీ ఆరోపణలను ఖండించింది, ఆయనకు తర్వాత బెయిల్ వచ్చింది. అప్పట్లో డైరెక్ట్ సెల్లింగ్‌కు విడిగా నిబంధనలు లేవు. కేంద్రం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2021 డిసెంబరులో వినియోగదారుల రక్షణ చట్టం కింద నిబంధనలు తెచ్చింది.

ఈ 2021 నిబంధనలే మీ చేతిలో ఆయుధం. వీటి ప్రకారం చేరడానికి ఫీజు, చందా అడగకూడదు. ఇంకొకరిని చేర్చినందుకు డబ్బు ఇవ్వకూడదు. పిరమిడ్ స్కీము, మనీ సర్క్యులేషన్ రెండూ నిషేధం. కంపెనీకి ఇండియాలో రిజిస్టర్డ్ ఆఫీసు ఉండాలి, మీతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి, ఫిర్యాదుల అధికారి పేరు చెప్పాలి. చేరినవాళ్లు జరిమానా లేకుండా వెనక్కి తగ్గేందుకు కూలింగ్ ఆఫ్ గడువు ఉండాలి. అమ్మడానికి వచ్చేవాళ్ల దగ్గర గుర్తింపు కార్డు ఉండాలి, ముందు చెప్పకుండా ఇంటికి రాకూడదు.

కాబట్టి అడగాల్సింది సూటిగా ఇంతే: ఒప్పందం కాపీ ఇంటికి ఇస్తారా, కూలింగ్ ఆఫ్ ఎన్ని రోజులు, అది ఏ పేజీలో ఉంది? నిజం కంపెనీవాళ్లు పేజీ తిప్పి చూపిస్తారు.

వాళ్లు చూపించే సర్టిఫికెట్లకు మాత్రం మోసపోవద్దు. కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రం, జీఎస్టీ నంబరు, పాన్ కార్డు, ట్రేడ్‌మార్కు కాగితం ప్రొజెక్టర్ మీద వేసి "గవర్నమెంట్ అప్రూవ్డ్" అంటారు. ఎవరైనా ఫీజు కట్టి కంపెనీ రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆ స్కీమును ప్రభుత్వం మెచ్చుకుందని దాని అర్థం కాదు. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ సైట్ mca.gov.in లో కంపెనీ పేరు కొట్టి మాస్టర్ డేటా చూస్తే ఎప్పుడు పుట్టింది, ఆఫీసు ఎక్కడ ఉంది అన్నవి తెలుస్తాయి. "పదిహేనేళ్ల కంపెనీ" అని చెప్పినది ఆర్నెల్ల కిందట పుట్టినట్టు తేలితే ఇక చర్చ అక్కర్లేదు. సరుకే లేకుండా "డిపాజిట్ చేయండి, నెలకు ఇంత శాతం ఇస్తాం" అంటే అది వేరే నేరం. అలాంటివాటి మీద రిజర్వ్ బ్యాంకు పోర్టల్ sachet.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు.

7. బంధువుకు ఎలా చెప్పాలి

మన దగ్గర ఇదే అన్నిటికంటే కష్టం. కాదంటే పెళ్లిళ్లలో ముఖం చాటేయాల్సి వస్తుందని భయం. వాదనకు దిగకండి. పిలిచినాయన కూడా చాలాసార్లు ఆ 94 మందిలో ఒకడే, పోయిన డబ్బు రాబట్టుకోవాలని మీ దగ్గరికి వచ్చాడు. "బావా, సబ్బు బాగుంటే ఒకటి కొంటా, బిల్లివ్వు. ఐడీ మాత్రం వేసుకోను, నా వాళ్ల పేర్లు కూడా ఇయ్యను" అని చెప్పండి. మనిషిని కాదన్నట్టు ఉండదు, గొలుసు మీ దగ్గర తెగిపోతుంది. పేర్ల జాబితా ఇవ్వకపోవడం డబ్బు కట్టకపోవడమంత ముఖ్యం. మీ పేరు చెప్పి మీ అత్తగారి ఊరికి ఫోన్లు వెళ్తాయి.

8. ఇప్పటికే కట్టేసి ఉంటే

మొదటి పని: ఈ రోజు నుంచి ఇంకెవరినీ చేర్చకండి. "ఇంకో ఇద్దర్ని చేరిస్తే నా డబ్బు వచ్చేస్తుంది" అన్న ఆలోచనే బాధితుణ్ణి నిందితుడిగా మార్చేది. పైన చెప్పిన 1978 చట్టం చేర్చినవాళ్లకూ వర్తిస్తుంది.

రెండోది, కూలింగ్ ఆఫ్ గడువు దాటకముందే రాతపూర్వకంగా రద్దు అడగండి. పైవాడికి వాట్సాప్ పెడితే సరిపోదు. కంపెనీ ఈమెయిల్‌కు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు స్పీడ్ పోస్టులో కూడా పంపండి. ఇంత రాస్తే చాలు:

"నేను ఫలానా తేదీన, ఫలానా ఐడీ నంబరుతో చేరి 12,000 రూపాయలు చెల్లించాను. కూలింగ్ ఆఫ్ గడువులో ఒప్పందాన్ని రద్దు చేసుకుంటున్నాను. మీరిచ్చిన వస్తువులు వాడకుండా ఉన్నాయి, తిరిగి ఇస్తాను. నా డబ్బు నేను కట్టిన ఖాతాలోకే వాపసు చేయగలరు."

వస్తువుల సీలు విప్పకండి, ఫొటోలు తీసి పెట్టుకోండి. గడువు దాటిపోయినా, గడువు గురించి అసలు చెప్పకపోయినా ఇదే ఉత్తరం పంపండి, "కూలింగ్ ఆఫ్ గురించి నాకు తెలియజేయలేదు, ఒప్పందం కాపీ ఇవ్వలేదు" అని ఒక వాక్యం కలపండి. పైవాడు "కంపెనీ దాకా ఎందుకు, నీ ఐడీ ఇంకొకరికి అమ్మిపెడతా" అంటాడు. ఒప్పుకోవద్దు. నష్టం ఇంకొకరి నెత్తిన పెట్టడమే అది.

మూడోది, సాక్ష్యం. ఫోన్‌పే, గూగుల్ పే రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఐడీ పేజీ స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ గ్రూపు మెసేజ్‌లు, మీటింగ్ ఫొటోలు అన్నీ వేరేచోట దాచండి. గొడవ మొదలవగానే మిమ్మల్ని గ్రూపులోంచి తీసేస్తారు, లాగిన్ ఆపేస్తారు. డబ్బు కంపెనీ ఖాతాకు కాకుండా పైవాడి సొంత నంబరుకు కట్టి ఉంటే ఆ రసీదు మరీ ముఖ్యం.

ఆపై జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. నిబంధనల ప్రకారం కంపెనీ ఫిర్యాదుల అధికారి నెల రోజుల్లో పరిష్కరించాలి. కదలకపోతే కర్నూలు, అనంతపురం, కడపల్లో జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. మీరు చెల్లించింది ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలో వేయాలి. డబ్బు ఆన్‌లైన్‌లో మోసంతో తీసుకుని వెంటనే మాయమైతే మొదట సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే ఆ ఖాతా ఆపే అవకాశం అంత ఎక్కువ.

పోలీస్ స్టేషన్‌కు ఒక్కరే వెళ్తే "మీరూ మీరూ చూసుకోండి, బంధువులే కదా" అని పంపేసే ప్రమాదం ఉంది. మీ వరుసలో నష్టపోయిన నలుగురైదుగురు కలిసి, తలా ఎంత ఏ తేదీన ఎవరి ఖాతాకు కట్టారో ఒకే కాగితంలో పట్టికగా రాసి, బోర్డు మీద గీసిన ప్లాన్ బొమ్మను కూడా జతచేయండి. ఫిర్యాదులో "వస్తువులు బాగాలేవు" అని రాస్తే అది సరుకు తగాదా అయిపోతుంది. "కొత్తవాళ్లను చేరిస్తే పెయిర్‌కు ఇంత ఇస్తామని చెప్పి డబ్బు కట్టించుకున్నారు" అని రాయండి. 1978 చట్టం పేరు కూడా రాయండి. మీరు చేర్చినవాళ్లు ఉంటే వాళ్ల పేర్లు, వాళ్లు కట్టిన మొత్తాలు దాచకుండా అదే కాగితంలో చెప్పండి. వాళ్లు విడిగా మీ మీద ఫిర్యాదు చేశాక చెప్పడం కంటే ముందే చెప్పడం మీకు మంచిది.